ఖాకీ చొక్కా, సొంత మాట

సిరిసిల్ల పక్కన సర్దాపూర్‌లో తెలంగాణ ప్రత్యేక పోలీసు 17వ బెటాలియన్ ఉంది. 2024 అక్టోబర్ 27, ఆదివారం నాడు రాష్ట్రంలో 10 మంది బెటాలియన్ పోలీసులను ఉద్యోగాల నుంచి తీసేశారు. వాళ్లలో ఆరుగురు సర్దాపూర్ వాళ్లే. అంతకు ముందురోజు మరో 39 మంది సస్పెండయ్యారు. అదే వారం మొదట్లో, 21వ తేదీన, పోలీసు అమరవీరుల దినం జరిగింది. మరో నాలుగు రోజులకు దీపావళి.

ఆ పది మందికి నౌకరీ ఎలా వచ్చిందో మన ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. తెల్లారకముందే రోడ్డు మీద పరుగు, కోచింగుకు కట్టిన ఫీజు, ఫలితాల రోజు వీధిలో పంచిన మిఠాయి. సివిల్ కానిస్టేబుల్‌కూ, బెటాలియన్ కానిస్టేబుల్‌కూ నియామక పరీక్ష ఒకటే. మార్కులు, ఐచ్ఛికాలు చూసి ఒకరిని ఠాణాకూ, ఇంకొకరిని బెటాలియన్‌కూ పంపుతారు. ఠాణాకు పోయినవాడు ఏదో ఒక ఊళ్లో కాపురం పెడతాడు. బెటాలియన్ వాడు బందోబస్తు ఎక్కడుంటే అక్కడికి మంచం, పెట్టె మోసుకుని తిరుగుతాడు. ఏళ్ల తరబడి లోపల పేరుకున్న ఈ తేడా ఆ అక్టోబర్‌లో ‘ఏక్ పోలీస్’ అనే రెండు మాటల నినాదమై బయటికొచ్చింది.

నిప్పు రాజేసింది మాత్రం సెలవుల ఉత్తర్వు. అంతవరకు 15 రోజుల డ్యూటీ తర్వాత నాలుగు రోజులు ఇంటికి వచ్చేవారనీ, కొత్త పద్ధతిలో 26 రోజులు ఆగాల్సి వస్తుందనీ కుటుంబాలు చెప్పాయి. మొదట రోడ్డెక్కింది భార్యలు. నల్గొండ దగ్గర అన్నెపర్తిలో, డిచ్‌పల్లిలో, సర్దాపూర్‌లో చంటిపిల్లల్ని ఎత్తుకుని కూర్చున్నారు. భర్త అనలేని మాట భార్య నోట వచ్చింది. ఆ తర్వాత భర్తలూ గొంతు కలిపారు. కథ మలుపు తిరిగింది అక్కడే.

ఆందోళన సాగుతుండగానే పైనుంచి హెచ్చరిక వచ్చింది. సోషల్ మీడియాలో శాఖకు వ్యతిరేకంగా పోస్టు పెట్టినా, లైకు కొట్టినా, కామెంటు రాసినా, ఇంకొకరికి పంపినా చర్య తప్పదన్నది దాని సారం. రెండు పాత చట్టాలను కూడా గుర్తు చేశారు. పది మందిని తీసేసింది ఫేస్‌బుక్ పోస్టు పెట్టారని కాదు, ఆందోళనకు ఉసిగొల్పారన్న ఆరోపణ మీద. ఆ తేడా మరచిపోతే వాళ్లకూ, శాఖకూ ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. అయితే ఒక బెటాలియన్ గోడును రాత్రికి రాత్రి ఇంకో బెటాలియన్‌కు మోసుకెళ్లింది ఫోనే. అందుకే హెచ్చరిక ఫోను మీదికి వచ్చింది.

ఆ రెండు చట్టాల్లో మొదటిది 1966 నాటిది, పోలీసు బలగాల హక్కులను పరిమితం చేసే చట్టం. రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చిన వెసులుబాటు దీనికి పునాది. మామూలు పౌరుడికున్న వాక్ స్వాతంత్ర్యాన్ని ఖాకీ తొడిగినవాడికి తగ్గించవచ్చని ఆ అధికరణమే చెబుతుంది. ఈ చట్టం ప్రకారం పోలీసు ఉద్యోగి అనుమతి లేకుండా పత్రికలతో మాట్లాడకూడదు, పుస్తకం గానీ ఉత్తరం గానీ ఇంకే పత్రం గానీ ప్రచురించకూడదు. తప్పితే రెండేళ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రాసినవాళ్ల కళ్ల ముందు ఆ రోజు ఉన్నది అచ్చుయంత్రం. ఇప్పుడు వాట్సాప్ స్టేటస్ కూడా ప్రచురణ కిందికే వస్తుందని శాఖ అంటే, కాదని వాదించడం కష్టం. లైకు ప్రచురణ అవుతుందా అంటే, నాకైతే చట్టంలోని మాటలు అంత దూరం సాగవనే అనిపిస్తుంది. కానీ శాఖాపరమైన క్రమశిక్షణ చర్యకు నేర చట్టం దాకా పోనక్కర్లేదు. అక్కడ లైకు కూడా చాలు.

రెండోది 1922 నాటిది, తెల్లవాళ్ల కాలపుది. పోలీసుల్లో అసంతృప్తి రగిలించినా, విధులు మానమని ప్రేరేపించినా ఆరు నెలల దాకా శిక్ష. ఇది పోలీసుకే కాదు, ఎవరికైనా వర్తిస్తుంది. గేటు ముందు కూర్చున్న భార్యకు కూడా. అదే చట్టంలో ఒక చిన్న కిటికీ ఉంది. ప్రభుత్వం గుర్తించిన సంఘం, తన నియమాలకు లోబడి, సభ్యుల మేలు కోసం సద్బుద్ధితో చేసే పని నేరం కాదు. కానీ ఎవరి పేరూ లేకుండా పుట్టిన వాట్సాప్ గ్రూపును ఏ ప్రభుత్వమూ గుర్తించదు.

ఇప్పుడు ఒకే ఒక్క మాటను తీసుకుందాం. “26 దినాలకొకసారి ఇంటికొస్తే పిల్లలకు మొఖం యాదికుంటదా?” సర్దాపూర్‌లో ఎవరో ఒకరు ఇలా అనుకునే ఉంటారు. ఈ మాటను కానిస్టేబుల్ దర్బారులో కమాండెంట్ ముందు లేచి నిలబడి అన్నాడనుకోండి. దర్బారు ఉన్నదే అందుకు. అది విన్నపం, తప్పు కాదు. ఇదే మాట అతని భార్య టీవీ మైకు ముందు అంటే, ఆమె ఉద్యోగి కాదు గనక ప్రవర్తనా నియమాలు ఆమెను తాకవు. ఇదే మాటను అతను యూనిఫాం ఫొటో కింద స్టేటస్‌గా పెట్టాడు. విన్నపం అక్కడితో ప్రచురణ అయిపోయింది. ఇక నాలుగోది. దీన్నే అతను డిచ్‌పల్లిలోని బ్యాచ్‌మేట్‌కు “మనం గూడ కూసుందాం” అని తోక తగిలించి పంపాడు. ఇప్పుడది 1922 చట్టం గుమ్మంలోకి వచ్చింది. బాధ అదే, మాట కూడా అదే. మారింది అది ఎక్కడ నిలబడిందన్నది.

స్టేటస్ 24 గంటల్లో పోతుందని ధైర్యపడేవాళ్లను చూశాను. సెట్టింగులు మార్చకపోతే, ఒకరి ఫోన్‌లో ఒకరి నంబరున్న వాళ్లందరికీ అది కనిపిస్తుంది. పై అధికారి నంబరు ఉండని కానిస్టేబుల్ ఫోను ఉండదు. స్టేటస్ పోయినా స్క్రీన్‌షాట్ ఉంటుంది. ఫార్వర్డ్ సంగతి ఇంకా చిత్రం. ‘ఫార్వర్డెడ్’ అన్న గుర్తు కనిపిస్తుంది గానీ, మొదట రాసినవాడెవరో కనిపించడు. విచారణలో ఎవరి ఫోను ముందు చేతికి దొరికితే వాళ్లే మొదట సమాధానం చెప్పుకోవాలి.

ప్రొఫైల్ మీద ‘అభిప్రాయాలు నా సొంతం’ అని రాసుకోవడం కూడా ఇలాంటి ధీమానే. మీద ఖాకీ ఫొటో, పక్కన ‘17వ బెటాలియన్’ అని ఉన్నాక, కింది వాక్యాన్ని ఎవరు నమ్ముతారు? జాగ్రత్తపరుడు ఉద్యోగం పేరు వరకే రాస్తాడు, లేదా అదీ రాయడు. యూనిఫాం ఫొటో, యూనిట్ పేరు, డ్యూటీ ఎక్కడ పడిందన్నది, డ్యూటీ చార్టు బయట పెట్టడు. జీతం, సెలవు, పై అధికారి మీద గోడు ఉంటే కాగితం మీద రాసి, కంపెనీ కమాండర్ ద్వారా పైకి పంపి, నకలు దగ్గర పెట్టుకుంటాడు. ఆ కాగితం కదలడానికి నెలలు పట్టవచ్చు, మూలనే పడి ఉండవచ్చు. దాని మీద నమ్మకం పోయిన చోటే గేటు ముందు జనం చేరుతారు. ఈ సంగతి శాఖ ఎరగనిది కాదు.

జగిత్యాల, కోరుట్ల వైపు ఇదే పాఠం గల్ఫ్ దారిలో వచ్చింది. ఆ ఊళ్లలో దుబాయి పోయినవాళ్లు లేని ఇల్లు వెతకాలి. 2020 ఏప్రిల్, మే నెలల్లో ఎమిరేట్స్‌లో మతద్వేషం నిండిన పోస్టులు పెట్టారని కొందరు భారతీయులు వరుసగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ట్రాన్స్‌గార్డ్ అనే భద్రతా సంస్థలో పనిచేసే ఒకరు ఫేస్‌బుక్‌లో వేరే పేరుతో ఉన్నారు. కంపెనీ అసలు మనిషిని గుర్తుపట్టి, పనిలోంచి తీసేసి, అక్కడి సైబర్ నేర చట్టం కింద అధికారులకు అప్పగించింది. పేరు మార్చుకుంటే ముఖం దాగలేదు. అప్పుడు మన రాయబారి పవన్ కపూర్, వివక్ష మన నైతికతకూ చట్టానికీ విరుద్ధమని, అక్కడున్న భారతీయులు ఈ సంగతి మరవొద్దని బహిరంగంగా గుర్తుచేయాల్సి వచ్చింది. ద్వేషపు పోస్టునూ, సెలవు గోడునూ నేను ఒక గాటన కట్టను. అక్కడ పోయిన ఉద్యోగానికి నా కన్ను తడవదు. యజమాని ప్రొఫైల్‌ను ఎలా వెతికి చదువుతాడో తెలియడానికే ఈ ముచ్చట.

ఖాకీ లేని ప్రభుత్వ ఉద్యోగి పరిస్థితి ఇంత ఇరుకు కాదు. త్రిపురలో ఒక ఉద్యోగిని రాజకీయ సభకు వెళ్లిందనీ, ఫేస్‌బుక్‌లో రాసిందనీ, 2018 ఏప్రిల్‌లో రిటైర్‌మెంట్‌కు కొద్ది రోజుల ముందు సస్పెండ్ చేశారు. 2020 జనవరిలో అక్కడి హైకోర్టు ఆమె పక్షాన నిలిచింది. ప్రభుత్వ ఉద్యోగంలో చేరినంత మాత్రాన వాక్ స్వాతంత్ర్యం పోదని, ప్రవర్తనా నియమాల గీత లోపల ఎవరి నమ్మకాలు వాళ్లు ఉంచుకోవచ్చని, చెప్పుకోవచ్చని చెప్పింది. సిరిసిల్లలో పంతులు ఈ తీర్పును పట్టుకోవచ్చు. సర్దాపూర్‌లో కానిస్టేబుల్‌కు 33వ అధికరణం అడ్డొస్తుంది.

సర్దాపూర్ వాళ్ల మీద పడింది అన్నిటికంటే బరువైన దెబ్బ. మామూలుగా ఉద్యోగిని తీసేయాలంటే అభియోగ పత్రం ఇవ్వాలి, విచారణాధికారిని వేయాలి, సాక్షులను అడగనివ్వాలి. వీళ్ల విషయంలో 311వ అధికరణం రెండో క్లాజులోని (బి) వాడారు. విచారణ జరపడం ఆచరణలో సాధ్యం కాదని అధికారి కారణం రాసి పెడితే, విచారణ లేకుండానే పంపేయవచ్చు. సంజాయిషీ కూడా ఉండదు. ఉదయం లేచినప్పుడు పోలీసు, సాయంత్రానికి కాదు. ఉన్న తోవ శాఖలో అప్పీలు, ఆ తర్వాత కోర్టు. విచారణ ఎందుకు కుదరదో రాసిన కారణం నిజంగా నిలబడేదేనా అని కోర్టు చూడగలదని సుప్రీంకోర్టు 1985లో తులసీరామ్ పటేల్ కేసులో చెప్పింది. దానికి లాయరు ఫీజూ, ఏళ్లూ కావాలి.

చేదు నిజం ఒకటి మిగిలింది. వాళ్లు అడిగిన సెలవుల సంగతి అప్పటికే తేలిపోయింది. గొడవ పెరిగాక, ఎవరినీ తీసేయకముందే, కొత్త సెలవు పద్ధతిని శాఖ పక్కన పెట్టింది. ఆ మేలు అందరికీ దక్కింది, బెటాలియన్‌లో ఉండిపోయిన వాళ్లందరికీ. దాన్ని బిగ్గరగా అడిగిన ఆరుగురు సర్దాపూర్ నుంచి కిట్టు అప్పగించి వెళ్లారు. ఆ తర్వాత వాళ్లు గేటు బయట ఏం మాట్లాడినా, ఏ ఫొటో కింద ఏం రాసినా, 1966 చట్టం వాళ్లను పట్టుకోదు.