6174: మద్రాసు సభకు చేరిన ఒక బడిపంతులు లెక్క

1949లో మద్రాసులో జరిగిన గణిత సభలో, నాసిక్ దగ్గరి దేవ్‌లాలి బడిలో పాఠాలు చెప్పుకునే దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ ఒక లెక్కను ముందుపెట్టాడు. నాలుగంకెల సంఖ్య ఒకటి తీసుకోండి, అంకెలన్నీ ఒకటే కాకూడదు. వాటిని పెద్ద నుంచి చిన్నకు ఒకసారి, చిన్న నుంచి పెద్దకు ఒకసారి పేర్చి, పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీసేయండి. వచ్చినదానికి మళ్లీ అదే పని చేయండి. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి 6174 దగ్గర ఆగుతుంది. దీన్ని ఇప్పటికీ చాలామంది సంఖ్యల మాయగానే చెబుతారు. మాయ అన్న మాట ఇక్కడ అనవసరం. ఈ లెక్కలోని అసలు రహస్యం మొదటి తీసివేతలోనే బయటపడుతుంది. ఆశ్చర్యపోవలసింది మాత్రం వేరే చోట ఉంది.

ఆ సభ జరిగిన సంవత్సరాన్నే తీసుకుందాం. 1949 అంకెల్ని పేరిస్తే 9941, 1499. తేడా 8442. దాన్ని పేర్చి తీసేస్తే, అంటే 8442 లోంచి 2448 పోతే, 5994. తర్వాత 9954 లోంచి 4599 పోతే 5355. ఆపైన 5553 లోంచి 3555 పోతే 1998. 9981 లోంచి 1899 పోతే 8082. 8820 లోంచి 0288 పోతే 8532. 8532 లోంచి 2358 పోతే 6174. ఏడు తీసివేతలు పట్టాయి. ఏ సంఖ్యకూ ఏడుకు మించి పట్టదు కనుక, 1949 ఈ లెక్కలో అతి దూరం నడిచే సంఖ్యల్లో ఒకటి. ఇక 7641 లోంచి 1467 తీసేస్తే మళ్లీ 6174 వస్తుంది. అందుకే అక్కడ ఆగిపోతాం.

ఇప్పుడు మొదటి తీసివేతను కొంచెం నిదానంగా చూడాలి. పేర్చిన నాలుగు అంకెల్లో అన్నిటికన్నా పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న తేడాను బయటి తేడా అందాం, మధ్యలోని రెండింటి తేడాను లోపలి తేడా అందాం. 9941లో బయటి తేడా 8, లోపలి తేడా 5. పెద్ద అంకె వేల స్థానంలోంచి ఒకట్ల స్థానానికి మారుతుంది, చిన్నది అటు నుంచి ఇటు మారుతుంది కాబట్టి బయటి తేడాను 999తో గుణించాలి. మధ్యవి వందల, పదుల స్థానాలు మార్చుకుంటాయి కాబట్టి లోపలి తేడాను 90తో గుణించాలి. రెండూ కలిపితే ఫలితం: 7992, 450 కలిసి 8442. అంటే ఫలితానికి కావలసింది ఈ రెండు తేడాలే, అసలు అంకెలు ఏవన్నది దానికి పట్టదు. బయటి తేడా 1 నుంచి 9 వరకు ఉండొచ్చు, లోపలిది దాన్ని మించకూడదు. అలాంటి జతలు లెక్కపెడితే 54. వేలకొద్దీ సంఖ్యలు ఒక్క తీసివేతతో 54 సంఖ్యల్లోకి కుదించుకుపోతాయి. వాటిలో ఒకే అంకెలు వేరే వరసలో ఉన్నవాటిని కలిపేస్తే మిగిలేవి 30. ఇక ఆ 30 చేత్తో చూసుకుంటే చాలు, నిరూపణ పూర్తయినట్టే. 6174 కూడా ఈ లెక్కలోంచే వస్తుంది: బయటి తేడా 6, లోపలి తేడా 2 అయితే 5994కు 180 కలుస్తుంది.

తప్పు ఎక్కడ చేశామో తెలుసుకోవడానికి ఇదే పనికొస్తుంది. లోపలి తేడా సున్న కాకపోతే ఫలితంలో మొదటి, చివరి అంకెల మొత్తం 10, మధ్య రెండింటి మొత్తం 8 రావాలి. 8442, 5355, 8082, 8532, 6174 అన్నీ ఇలాగే ఉన్నాయి. లోపలి తేడా సున్న అయితే మధ్యలో రెండు తొమ్మిదులు వచ్చి, మొదటి, చివరి అంకెలు కలిసి 9 అవుతాయి. 5994, 1998 అలాంటివి. ఈ రెండిటికీ లొంగకపోతే తీసివేతలో అప్పు తెచ్చుకోవడం తప్పిందన్నమాట. ఎక్కువమంది పడే గుంట మాత్రం సున్న దగ్గర ఉంది. 2111 లోంచి 1112 తీసేస్తే 999 వస్తుంది. దాన్ని మూడంకెల సంఖ్యగా చూస్తే తర్వాతి తీసివేత సున్నలో ముగుస్తుంది, కాప్రేకర్ చెప్పింది తప్పనిపిస్తుంది. దాన్ని 0999 అని రాయాలి. అప్పుడు 9990 లోంచి 0999 పోయి 8991, ఆపైన 8082, 8532, 6174.

ఈ లెక్క మీద రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది: 54 సంఖ్యల మధ్యే తిరుగుతుంటే ఎప్పుడో ఒకప్పుడు వచ్చిన చోటికే రాక తప్పదు కదా, ఇందులో వింతేముంది? రాక తప్పదు, నిజమే. కానీ ఒకే చోట ఆగుతుందని దాన్నిబట్టి తేలదు. రెండంకెల సంఖ్యలతో ఇదే ఆట ఆడితే 09, 81, 63, 27, 45 అంటూ ఐదింటి చుట్టూ తిరుగుతుందే గానీ ఎక్కడా ఆగదు. మూడంకెలకు 495 దగ్గర ఆగుతుంది. ఐదంకెలకు ఆగే చోటే లేదు: 59994 నుంచి 53955, అక్కడి నుంచి మళ్లీ 59994, ఇలా రెండింటి మధ్య ఊగే సంఖ్యలు కొన్ని, నాలుగేసి సంఖ్యల రెండు వలయాల్లో చిక్కుకునేవి మిగతావి. ఆరంకెలకు 549945, 631764 అని రెండు విడిది చోట్లు, వాటితోపాటు ఒక వలయం. ఎక్కడ మొదలుపెట్టినా ఒక్క చోటికే చేరడం నాలుగంకెల్లో తప్పనిసరిగా జరగవలసిన సంగతి కాదు. ఆశ్చర్యం ఉన్నది ఇక్కడ.

రెండో అభ్యంతరం బరువైనది, మన రామానుజన్‌ను ప్రపంచానికి చూపించిన హార్డీది. 1940లో వచ్చిన తన పుస్తకంలో ఆయన, తిరగేసిన సంఖ్యకు సరిగ్గా గుణిజాలయ్యే 8712, 9801 లాంటి వాటిని పజిల్ శీర్షికలకే తగినవిగా పక్కన పెట్టాడు. పదికి బదులు ఇంకో ఆధారంతో సంఖ్యలు రాస్తే అవేవీ నిలవవు, వాటిలోంచి ఏ సాధారణ సూత్రమూ పుట్టదు. 6174కూ ఈ మాట వర్తిస్తుంది. ఐదు ఆధారంగా రాస్తే ఇలా తనలోకే తిరిగివచ్చేది 3032. కాబట్టి 6174 అన్న సంఖ్యకు విశ్వరహస్యమేదో అంటగట్టడం తప్పు. ఇక్కడ హార్డీ పక్షమే నాది. అయితే ఆయన విసుగు సంఖ్యకు చెల్లుతుంది గానీ ప్రశ్నకు చెల్లదు. ఒకే పనిని ఫలితం మీద మళ్లీ మళ్లీ చేస్తే ఆగుతుందా, తిరుగుతుందా అన్నది ఏ ఆధారంలోనైనా, ఎన్ని అంకెలకైనా అడగొచ్చు. 999, 90 లాంటి గుణకాలు మారతాయి, పద్ధతి మారదు. హార్డీ ఎత్తిచూపిన సంఖ్యల్లో చెప్పుకోవడానికి ఒక సమీకరణమే ఉంది. కాప్రేకర్ లెక్కలో ఒక నడక ఉంది.

ఆ నడకను పట్టుకున్న మనిషికి బి.ఎస్‌సి.కి మించిన పట్టా లేదు. 1905లో దహాను‌లో పుట్టి, పుణె ఫెర్గూసన్ కళాశాలలో చదివి, 1930 నుంచి 1962 దాకా దేవ్‌లాలిలో పంతులుగానే ఉన్నాడు. మద్రాసులో చెప్పినదాన్ని 1955లో స్క్రిప్టా మాథమాటికా పత్రికలో 6174 గురించిన వ్యాసంగా అచ్చువేయించాడు. అయినా పేరు దేశాలు దాటింది 1975లో, మార్టిన్ గార్డ్నర్ సైంటిఫిక్ అమెరికన్‌లోని తన వినోద గణిత శీర్షికలో కాప్రేకర్ గురించి రాశాకే. అప్పటికి ఆయన బడి నుంచి విశ్రాంతి తీసుకుని పదమూడేళ్లయింది.