పాప్ స్మియర్: క్యాన్సర్ రాకముందే ఎలా పట్టేస్తుందంటే..

రంగారెడ్డి జిల్లా చేవెళ్ల, మొయినాబాద్‌లలో మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. ఇలాంటి చోట గైనిక్ ఓపీకి వెళ్తే డాక్టర్ పాప్ స్మియర్ రాయొచ్చు. ‘నాకేం నొప్పి లేదు కదా, ఎందుకు?’ అనిపిస్తుంది. అసలు ఈ టెస్ట్ ఏ ఇబ్బందీ లేనప్పుడు చేయించుకునేదే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు అన్ని కేసుల్లో హెచ్‌పీవీ వైరసే కారణం. చాలామందిలో అది రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం పోకుండా కణాలను మారుస్తుంది. ఆ మార్పు క్యాన్సర్ అవ్వడానికి సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. స్మియర్ పట్టేది ఈ గ్యాప్‌లోనే.

ఎలా చేస్తారు?
చిన్న చెక్క పుల్లలాంటి స్పాచులాను ముఖద్వారం చుట్టూ తిప్పి కణాలు తీస్తారు. గాజు స్లైడ్‌పై పూసి, వెంటనే ఆల్కహాల్‌లో ముంచుతారు. ఆలస్యమైతే కణాలు ఎండిపోయి రిపోర్ట్ తేలదు. వైరస్ సోకిన కణంలో కేంద్రకం ఉబ్బి, ఎండుద్రాక్షలా ముడతలు పడి, చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది.

తేడా వస్తే?
ఉదాహరణకు 38 ఏళ్ల మహిళకు ‘హెచ్‌సిల్’ అని వచ్చిందనుకుందాం. అది క్యాన్సర్ అని కాదు, ముదిరిన మార్పు అని. కాల్పోస్కోపీలో తెల్లబడిన చోట ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఖాయమైతే ఆ భాగం వరకే తొలగిస్తారు, చాలాసార్లు గర్భసంచి తీయక్కర్లేదు. ‘ఎల్‌సిల్’ అయితే తేలికపాటి మార్పు, ఎక్కువగా తగ్గిపోతుంది. అయినా ఫాలోఅప్ మానొద్దు.

ఒక్క స్మియర్‌లో మార్పు దొరక్కపోవచ్చు. అందుకే మూడేళ్లకోసారి చేయించాలి. కలయిక తర్వాత గానీ, నెలసరి ఆగిపోయాక గానీ రక్తం కనిపిస్తే, రిపోర్ట్ నార్మల్ ఉన్నా డాక్టర్‌కు చూపించాల్సిందే.