వెంటాడే సింహం: తాబీర్ శాస్త్రంలో పలాయనానికి అర్థం

వెనుక నుంచి ఏదో తరుముకొస్తూ ఉంటుంది. కాళ్ళు ముందుకు సాగవు, కేక గొంతు దాటదు. అంతలో మెలకువ వస్తుంది, గుండె దడ మాత్రం తగ్గదు. ఇటువంటి కల ఏ ఒక్క కాలానికీ, ఏ ఒక్క జాతికీ చెందినది కాదు. అయితే ఇస్లామీయ నాగరికతలో స్వప్నార్థ వివరణ, అంటే తాబీర్, ఒక శాస్త్రంగా రూపొందింది గనుక, ఈ కలను ముస్లిం విద్వాంసులు ఏ విధంగా అర్థం చేసుకున్నారో తెలుసుకోవడానికి వ్రాతపూర్వకమైన ఆధారాలున్నాయి.

వాటిలో ఒకటి కైరో నగరానికి చెందిన కమాలుద్దీన్ దమీరీ (మరణం హి.శ. 808, క్రీ.శ. 1405) రచించిన "హయాతుల్ హయవాన్". ఇది జంతువులను గురించిన బృహద్గ్రంథం. ఒక్కొక్క జంతువు పేరు, స్వభావం, దాని మాంసం హలాలా హరామా అన్న ధర్మనిర్ణయం, దానిపై గల సామెతలు చెప్పిన తరువాత, ఆ జంతువు కలలో కనబడితే ఏమిటన్నది కూడా దమీరీ వివరిస్తారు. సింహం కలలో కనబడితే దాన్ని కఠినుడైన పాలకునిగానో, బలవంతుడైన శత్రువుగానో గ్రహించాలని ఆయన వ్రాశారు. సింహం ఒకడిని పడగొట్టి, చంపకుండా వదిలితే జ్వరమో, చెరసాలో సంభవించవచ్చునట. కాని సింహాన్ని చూసి, దానికి చిక్కకుండా పారిపోయినవాని విషయంలో ఆయన చెప్పిన అర్థం పాఠకుణ్ణి ఆశ్చర్యపరుస్తుంది. అతడు తాను భయపడుతున్న ఆపద నుంచి బయటపడటమే గాక, జ్ఞానాన్నీ, వివేకాన్నీ పొందుతాడట!

పారిపోవడం పిరికితనమని లోకం అనుకుంటుంది. మరి ఆ పరుగుకు జ్ఞానం ఎలా ఫలమయింది? దమీరీ చూపిన ఆధారం ఖుర్‌ఆన్‌లోని షుఅరా సూరా, 21వ ఆయత్. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఫిరౌన్‌తో మాట్లాడుతూ, మీకు భయపడి మీ నుంచి పారిపోయాననీ, ఆ తరువాత తన ప్రభువు తనకు వివేకాన్ని ప్రసాదించి ప్రవక్తలలో ఒకరిగా చేశాడనీ చెప్పిన సందర్భమది. అక్కడ పలాయనం, దాని వెంట వివేకం ఒకే మాటలో వచ్చాయి. ఆ క్రమాన్నే తాబీర్ పండితులు కలకు అన్వయించారు.

ఇది వారు ఇష్టం వచ్చినట్లు చేసిన పని కాదు. హదీసువేత్త ఇమామ్ బగవీ (మరణం హి.శ. 516, క్రీ.శ. 1122) "షర్హుస్సున్నహ్" గ్రంథంలో కలలకు అర్థం చెప్పే పద్ధతులను వర్గీకరించారు. కొన్నిటికి ఖుర్‌ఆన్‌ను బట్టి, కొన్నిటికి హదీసును బట్టి, కొన్నిటికి సామెతలను బట్టి, కొన్నిటికి పేర్లను బట్టి అర్థం చెబుతారు. మరికొన్నిటికి పూర్తిగా వ్యతిరేకార్థం తీస్తారు. ఈ చివరి పద్ధతికి ఆయన ఇచ్చిన ఉదాహరణ భయమే. కలలో భయపడితే నిజంలో భద్రత, కలలో నిశ్చింతగా ఉంటే నిజంలో భయం. దీనికి ఆధారం నూర్ సూరా 55వ ఆయత్. విశ్వాసుల భయస్థితిని శాంతిస్థితిగా మారుస్తానని అల్లాహ్ అందులో వాగ్దానం చేశాడు. కలలో సమానులైన ఇద్దరు కుస్తీ పడితే క్రింద పడినవాడే గెలిచినవాడని చెప్పడం కూడా ఈ పద్ధతికి చెందినదే.

అయితే పలాయనం ప్రతిసారీ శుభమేనా? ఖుర్‌ఆన్‌లోనే ఆ మాట పలు విధాలుగా వచ్చింది. జారియాత్ సూరా 50వ ఆయత్‌లో అల్లాహ్ వైపునకు పరుగెత్తమన్న పిలుపు ఉంది. జుముఆ సూరా 8వ ఆయత్, మీరు తప్పించుకోజూస్తున్న మృత్యువు మిమ్మల్ని కలుసుకునే తీరుతుందని హెచ్చరిస్తుంది. ఒకే పరుగు ఒకరి విషయంలో పశ్చాత్తాపం కావచ్చు, మరొకరి విషయంలో వ్యర్థప్రయాస కావచ్చు. అందుకే ముఅబ్బిర్ ముందు కలను గాక, కలగన్న మనిషిని చూడాలన్నారు. బస్రాకు చెందిన ఇమామ్ ఇబ్నె సీరీన్ (మరణం హి.శ. 110, క్రీ.శ. 728) గురించి ప్రసిద్ధమైన ఉదంతం ఒకటుంది. అజాన్ ఇస్తున్నట్లు కలగన్న ఇద్దరిలో ఒకరికి హజ్ యాత్ర ప్రాప్తిస్తుందనీ, మరొకరికి దొంగతనం నేరం చుట్టుకుంటుందనీ ఆయన చెప్పారట. ఇద్దరి నడవడి వేరు గనుక కల ఒకటే అయినా అర్థం వేరయింది. ఈనాడు ఆయన పేరిట అంగళ్ళలో దొరికే స్వప్నఫల గ్రంథాలు ఆయన రచనలు కావనీ, తరువాతి శతాబ్దాల సంకలనాలనీ పరిశోధకులు నిర్ధారించారు. పుస్తకం తెరిచి "సింహం, పరుగు, ఫలం" అని వెదికేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూసా (అలైహిస్సలాం) గాథను కొంచెం నిదానంగా చదివితే మరొక విశేషం కనబడుతుంది. కసస్ సూరా ప్రకారం, పొరపాటున ఒక మనిషి ఆయన చేతిలో మరణించాడు. ఊరి చివరి నుంచి పరుగున వచ్చిన ఒక వ్యక్తి, నిన్ను చంపడానికి సర్దారులు ఆలోచనలు చేస్తున్నారని హెచ్చరించాడు. ఆయన భయపడుతూ, అటూ ఇటూ చూసుకుంటూ ఈజిప్టు విడిచి మద్‌యన్ చేరుకున్నారు. అక్కడ సంవత్సరాల తరబడి గొర్రెల కాపరిగా గడిపారు. తిరుగు ప్రయాణంలో తూర్ పర్వతం వద్ద చేతికర్ర పామై కదలగానే, వెనుదిరిగి చూడకుండా పరుగెత్తారు. అప్పుడు వినిపించిన ఆజ్ఞ, ముందుకు రా, భయపడకు అని. తాహా సూరాలో ఆ పామును చేత పట్టుకోమన్న ఆజ్ఞ కూడా ఉంది. పట్టుకోగానే అది తిరిగి కర్ర అయింది. ఆ కర్రతోనే ఆయన ఫిరౌన్ కొలువుకు వెళ్ళారు. దమీరీ ఆధారంగా చూపిన మాట సరిగ్గా అక్కడ, తనను తరిమినవాని ముఖాముఖి నిలబడి పలికినదే! పారిపోయానని దాచకుండా ఒప్పుకున్నది ఎదిరించిన క్షణంలోనే. కాబట్టి ఆ ఆయత్‌లో పలాయనం, ఎదిరింపు పరస్పర విరుద్ధాలు కావు. మొదటిది ప్రాణాన్ని కాపాడింది, రెండవది దానికి సమయం వచ్చినప్పుడు జరిగింది.

ఇంతకూ ప్రతి భయానక స్వప్నానికీ అర్థం వెదకాలా? అవసరం లేదని హదీసులు స్పష్టం చేస్తున్నాయి. సహీహ్ ముస్లింలో ఒక ఎడారివాసి ఉదంతం ఉంది. తన తల తెగి దొర్లిపోతుంటే తాను దాని వెంట పరుగెత్తినట్లు కలగన్నానని అతడు చెప్పగా, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నవ్వి, నిద్రలో షైతాన్ నీతో ఆడిన ఆటను జనానికి చెప్పుకోవద్దన్నారు. కలలు మూడు విధాలనీ, అవి అల్లాహ్ శుభవార్త, షైతాన్ కలిగించే దుఃఖం, మనిషి తన మనసుతో తాను చెప్పుకునే మాటలనీ మరొక హదీసు చెబుతుంది. తరిమే కలలు చాలావరకు తరువాతి రెండు తెగలవే కావచ్చు.

తాబియీ అబూ సలమా పీడకలలతో జబ్బుపడేవారు. అవి తనకు కొండకన్నా బరువుగా ఉండేవని ఆయనే చెప్పారు. హజ్రత్ అబూ ఖతాదా (రజియల్లాహు అన్హు) ఆయనకు ప్రవక్త బోధ వినిపించారు. మెలకువ రాగానే అల్లాహ్ శరణు కోరాలి, ఎడమ వైపు మూడుసార్లు ఉమ్మినట్లు ఊదాలి, ఆ కలను ఎవరికీ చెప్పరాదు. ప్రక్కకు ఒత్తిగిలాలనీ, లేచి నమాజు చేయాలనీ ఇతర హదీసులలో ఉంది. అది విన్న తరువాత ఆ కలలను తాను లెక్కచేయలేదని అబూ సలమా అన్నారు. కల ఆగిందని ఆయన అనలేదు, దాని బరువు తగ్గిందన్నారు.

ఆధునిక పరిశోధన కూడా ఈ విషయాన్ని పట్టించుకుంది. ఫిన్లండ్ శాస్త్రవేత్త ఆంటీ రెవొన్సువో 2000లో, తరిమే కలలు ఆపదను తప్పించుకోవడానికి మెదడు చేసే సాధన కావచ్చునని ప్రతిపాదించారు. ఇది నిరూపిత సత్యం కాదు, చర్చలో ఉన్న సిద్ధాంతం. అమెరికా వైద్యుడు బారీ క్రాకో బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో, లైంగిక దాడికి గురైన స్త్రీలు తమ పీడకలను పగటిపూట తమకు నచ్చినట్లు మార్చుకుని, ఆ మార్చిన కథను మనసులో అభ్యసించగా పీడకలలు తగ్గాయి. ఒకే కల వారాల తరబడి వెంటాడి నిద్రను చెడగొడుతుంటే, ముఖ్యంగా ఏదైనా దుర్ఘటన తరువాత, అది స్వప్నఫల గ్రంథం తెరిచే సమయం కాదు, వైద్యుణ్ణి కలిసే సమయం.

జాగృతిలో అల్లాహ్‌కు భయపడు, నిద్రలో చూసినదానికి కలత చెందకు అన్న భావం గల మాట ఒకటి ఇబ్నె సీరీన్ పేరిట ప్రచారంలో ఉంది. కలలకు అర్థం చెప్పడంలో అందరికన్నా పేరుపొందిన వ్యక్తి పేరిట ఈ మాట నిలవడం గమనార్హం.