టైఫాయిడ్ ఎన్ని పాయింట్లు?

సత్తెనపల్లిలో జ్వరమొచ్చిన ఇంటికి పలకరింపుకు వెళ్తే ముందు వినిపించే మాట ఇదే: "టైఫాయిడ్ ఎన్ని పాయింట్లుందంట?" మా బంధువుల కుర్రాడికి జ్వరం మొదలైన నాలుగో రోజున పరీక్ష చేయించారు. టీఓ 1:80, టీహెచ్ 1:160 అని వచ్చింది. ఆ సాయంత్రమే యాంటీబయాటిక్ ఇంజక్షన్లు మొదలయ్యాయి.

పాయింట్లంటే క్రిముల లెక్క కాదు. రోగి సీరాన్ని 80 వంతులకు పలచన చేసినా చచ్చిన టైఫాయిడ్ క్రిములను ఇంకా ముద్దలుగా అతికించగలుగుతోందని 1:80కి అర్థం. అది రక్తంలోని యాంటీబాడీల బలం. 1896లో వియన్నాలో గ్రూబర్, డర్హామ్ ఈ అతుక్కోవడాన్ని వివరించారు. అదే ఏడాది పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ దాన్ని తిరగేశాడు. తెలిసిన క్రిమి మీద రోగి సీరం వేసి, అతుక్కుంటుందేమోనని మైక్రోస్కోపులో చూశాడు. కల్చర్ కోసం రోజులు కాచుక్కూర్చునే పని లేదు మరి, పరీక్ష ఊరూరా పాకింది.

చిక్కు ఎక్కడంటే, యాంటీబాడీలు బాగా కనిపించేది రెండో వారంలో. నాలుగో రోజున కనిపించినవి చాలావరకు పాతవే కావచ్చు. టైఫాయిడ్ తిరిగే మన ప్రాంతాల్లో ఆరోగ్యవంతుల రక్తంలోనూ కాస్తో కూస్తో ఉంటాయి. మలేరియా, డెంగీల్లోనూ పాయింట్లు పైకి రావచ్చు. అందుకే పది రోజులాగి మళ్లీ చేస్తారు. 80 కాస్తా 320 అయితే లెక్కలోకి తీసుకోవాలి. 160 అయితే మాత్రం అది ఒక్క మెట్టే, చూసే కంటిని బట్టి కూడా మారిపోతుంది.

క్రిమిని నేరుగా పట్టేది బ్లడ్ కల్చర్. టైఫాయిడ్ రోగి రక్తంలో మిల్లీలీటరుకు ఒక్క క్రిమి ఉంటే గొప్ప. అందుకే పెద్దవాళ్ల దగ్గర 8–10 మిల్లీలీటర్లు తీసి, పోషక ద్రవమున్న సీసాలో పోస్తారు. అదీ మొదటి డోసు పడకముందే, వీలైతే తొలి వారంలోనే. పెరిగితే సాధారణంగా మూడు రోజుల్లోపే తెలుస్తుంది, ఏ మందుకు లొంగుతుందో కూడా తేలుతుంది. ఇంత చేసినా దొరికేది దాదాపు సగం కేసులే.

మావాడికి రెండు రోజుల ఇంజక్షన్లయ్యాక కల్చర్ తీశారు. ఐదు రోజులకు 'నో గ్రోత్' అని వచ్చింది.

"అంటే టైఫాయిడ్ లేనట్టేగా అన్నయ్యా?" అన్నాడు వాళ్ల నాన్న.

ఆ కాగితం ఒక్కటే చూసి అలా అనలేం. మందు పడ్డాక ఉన్న క్రిమి కూడా పెరగకపోవచ్చు. అసలు సంగతి తేల్చింది వేరే పరీక్ష: ఐదో రోజున చేసిన డెంగీ ఎన్‌ఎస్1 పాజిటివ్. పదకొండు రోజులకు మళ్లీ విడాల్ చేయిస్తే అవే అంకెలు, ఒక్క మెట్టూ పెరగలేదు.

"మరి ఆ 160 ఎక్కడిది?" అన్నాడాయన, వదలకుండా. హెచ్ యాంటీబాడీలు జ్వరం తగ్గాక కూడా చాలాకాలం ఉండిపోతాయని చెప్తుంటే వంటింట్లోంచి వాళ్లమ్మ అందుకుంది: "నిరుడు హాస్టల్లో పన్నెండు రోజులు మూసిన కన్ను తెరవకుండా పడుకోలేదూ?"