ఉద్దానం వైద్య నమోదులు - క్రియాటినిన్ కొలతల ఏకీకరణ: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలతో కూడిన కొబ్బరి, జీడి తోటల ప్రాంతం ఉద్దానం. ఇక్కడి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి కారణం నేటికీ తేలలేదు. తాతపూడి రవిరాజు బృందం 2019లో ప్రచురించిన సర్వే వ్యాధి వ్యాప్తి సుమారు 18 శాతమని తెలిపింది. అయితే వ్యాధి ఎప్పటి నుండి పెరిగిందన్న ప్రశ్నకు ఒక్క సర్వే సమాధానమివ్వలేదు. అందుకు పాత చికిత్సాలయ చీటీలే ఆధారం. వాటిని ఒకే పట్టికలోకి చేర్చేటప్పుడు మూడు రకాల అసమానతలు ఎదురవుతాయి.

కనిపించే తేడా:
క్రియాటినిన్‌ను ఒకరు 'క్రియాట్' అని, మరొకరు 'ఎస్.సి.ఆర్.' అని రాస్తారు. ప్రమాణం డెసిలీటరుకు మిల్లీగ్రాములు కావచ్చు, లీటరుకు మైక్రోమోల్‌లు కావచ్చు. ఈ తేడా సులభంగా పట్టుబడుతుంది. 124 అన్న సంఖ్య మిల్లీగ్రాములలో అసంభవం. దానిని 88.4తో భాగిస్తే 1.4 వస్తుంది.

దాగి ఉండే తేడా:
రక్తంలోని యూరియాను కొన్ని ప్రయోగశాలలు యూరియాగానే తెలుపుతాయి, కొన్ని అందులోని నత్రజని బరువును మాత్రమే తెలుపుతాయి. యూరియా అణుభారం 60, అందులో నత్రజని 28. కనుక రెండింటి నిష్పత్తి 2.14. చీటీలో 'యూరియా 30' అని ఉంటే అది సాధారణ స్థాయి. అదే 30 నత్రజని విలువ అయితే యూరియా 64, అంటే హెచ్చు. రెండూ సంభవమే కనుక సంఖ్యను చూసి తేల్చడం కుదరదు. ప్రయోగశాల ముద్రించిన సాధారణ పరిధి దొరికితేనే నిర్ణయించాలి. దొరకనప్పుడు ఆ గడిని ఖాళీగా వదలడమే న్యాయం.

సంఖ్యలో లేని తేడా:
మాక్స్ జాఫే 1886లో వివరించిన పిక్రిక్ ఆమ్ల చర్య ఆధారంగా క్రియాటినిన్ కొలత దీర్ఘకాలం సాగింది. గ్లూకోజు, ప్రోటీన్లు కూడా ఆ రంగునిస్తాయి కనుక విలువ కొంత ఎక్కువగా రావచ్చు. 2006 ప్రాంతంలో ప్రయోగశాలల కొలతలను ఒకే ప్రామాణిక పద్ధతికి అనుసంధానించే ప్రయత్నం అంతర్జాతీయంగా మొదలైంది. ఉదాహరణకు యాభై ఏళ్ల పురుషునికి 1.4 నమోదైతే, 2009 నాటి సి.కె.డి.-ఎపి సూత్రం ప్రకారం వడపోత రేటు 58. అసలు విలువ 1.2 అయితే అది 70. వ్యాధి నిర్ణయానికి హద్దు 60. కేవలం 0.2 తేడా ఆ మనిషిని హద్దుకు ఇటునుండి అటు మార్చివేస్తుంది. పద్ధతి మారిన ఏడాదిని గుర్తించకపోతే, ప్రయోగశాలలో వచ్చిన మార్పు గ్రామంలో వ్యాధి తగ్గుదలగా పట్టికలో కనిపిస్తుంది.

ముగింపు:
అందువల్ల ప్రతి కొలతకూ చీటీలోని మూల రూపం, మార్చిన విలువ, ప్రయోగశాల, తేదీ, పద్ధతి వేర్వేరు గడులలో ఉండాలి. మూలాన్ని చెరిపి దిద్దిన పట్టికలో తర్వాతి పరిశోధకుడు ఏ పొరపాటునూ సరిచేయలేడు. పద్ధతి తెలియని పాత విలువలు ఒకే రోగిలో, ఒకే ప్రయోగశాలలో మార్పును చూడడానికి పనికొస్తాయి. దశాబ్దాల మధ్య వ్యాధి వ్యాప్తిని పోల్చడానికి మాత్రం అవి చాలవు.