సర్గ్‌లో ఒక రాత్రి, సవాద్‌పై కొన్ని రోజులు: హజ్రత్ ఉమర్ (రజి) సంప్రదింపు విధానం

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో నడుస్తాయని దివ్యఖుర్ఆన్ షూరా సూరా 38వ ఆయత్ తెలుపుతుంది. ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయత్ సహచరులను సంప్రదించమని ప్రవక్త (స)ను ఆదేశించి, నిర్ణయించుకున్న తరువాత అల్లాహ్‌పై భారం వేయమంటుంది. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. సంప్రదింపు అందరితో జరిగినా, నిర్ణయించుకొనే బాధ్యత ఒక్కరిపైనే నిలిచింది. అయితే ప్రతి విషయంలోనూ అలాగేనా? ఏది ఒంటరిగా నిర్ణయించాలి, ఏది సలహా విని నిర్ణయించాలి, ఏది అందరి అంగీకారం వచ్చేదాకా ఆగాలి? రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలోని రెండు ఘట్టాలను పక్కపక్కన ఉంచి చూస్తే దీనికి సమాధానం దొరుకుతుంది.

మొదటిది సర్గ్ ఘట్టం. హిజ్రీ 17-18 సంవత్సరాల నాటి మాట. ఉమర్ (రజి) సిరియా ప్రయాణమై ఆ దేశపు సరిహద్దున ఉన్న సర్గ్ చేరుకున్నారు. సేనాధిపతి అబూ ఉబైదా (రజి), ఇతర నాయకులు ఎదురేగి, సిరియాలో ప్లేగు వ్యాపించిందని తెలిపారు. ముందుకు సాగాలా, మదీనాకు మరలాలా? ఇబ్ను అబ్బాస్ (రజి) కథనాన్ని బుఖారీ, ముస్లిం గ్రంథాలు భద్రపరిచాయి. ఖలీఫా మొదట ముహాజిర్లను పిలిపించారు. ఒక పని కోసం బయలుదేరి వెనుదిరగడం తగదని కొందరన్నారు. ప్రవక్త సహచరులను వెంటబెట్టుకొని వ్యాధి నోటిలోకి వెళ్లరాదని మరికొందరన్నారు. ఖలీఫా వారిని పంపివేసి అన్సార్లను పిలిపించారు. వారిలోనూ అదే భేదాభిప్రాయం. చివరకు మక్కా విజయం నాటి ఖురైషీ పెద్దలను పిలిపించారు. వారంతా ఒక్క మాటగా మరలిపొమ్మన్నారు.

ఉమర్ (రజి) ఇక నాలుగవ సభను పిలవలేదు. భేదించినవారిని ఒప్పించడానికి ఆగనూ లేదు. తెల్లవారగానే తిరుగు ప్రయాణమని ప్రకటించారు. అల్లాహ్ విధి నుండి పారిపోతారా అని అబూ ఉబైదా (రజి) నిలదీశారు. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే బాగుండునని ఖలీఫా నొచ్చుకున్నారు. ఒక విధి నుండి మరొక విధి వైపే వెళుతున్నామని బదులిచ్చారు. ఒక లోయకు ఒక ఒడ్డు పచ్చగానూ, మరొక ఒడ్డు బీడుగానూ ఉన్నప్పుడు ఒంటెలను ఎటు తోలినా అల్లాహ్ విధి ప్రకారమే కదా అని ఉపమానం చెప్పారు.

అప్పుడు, అంతవరకు ఏదో పనిమీద అక్కడ లేని అబ్దుర్రహ్మాన్ ఇబ్ను ఔఫ్ (రజి) వచ్చారు. దీనిపై తనకు జ్ఞానం ఉందన్నారు. ఒక ప్రాంతంలో ప్లేగు ఉందని వింటే అక్కడికి పోవద్దనీ, మీరున్న చోటే అది వస్తే పారిపోవడానికి బయలుదేరవద్దనీ ప్రవక్త (స) చెప్పగా తాను విన్నానన్నారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు. ఆ వ్యాధిలోనే అబూ ఉబైదా (రజి) తరువాత మరణించారు.

ఈ ఘట్టంలో ఉమర్ (రజి) ఎందుకు ఏకాభిప్రాయం కోరలేదు? వ్యవధి లేదు. వెంట ఉన్నవారి ప్రాణాల బాధ్యత ఆయనది. పైగా ఆ నిర్ణయం సరిదిద్దుకోగలిగినది. వ్యాధి తగ్గాక మళ్లీ ప్రయాణం కట్టవచ్చు. కాబట్టి విన్నారు, తూచారు, తానే నిర్ణయించారు. మరొక సంగతి కూడా ఉంది. మూడు సభలు మాట్లాడిన తరువాత విషయాన్ని తేల్చినది తెలిసిన ఒక్క మనిషి సాక్ష్యం. జ్ఞానం ఉన్నచోట తలల లెక్కకు పని లేదు.

రెండవది సవాద్ భూముల ఘట్టం. ఇరాక్‌లో నదీజలాలతో పండే సారవంతమైన నేలకు సవాద్ అని పేరు. ఖాదిసియా, మదాయిన్ విజయాల తరువాత, చరాస్తులను పంచినట్లే భూమినీ తమకు పంచమని సైనికులు కోరారు. ఉమర్ (రజి) అభిప్రాయం వేరు. భూమి ఇప్పుడే పంచితే తరువాత వచ్చే తరాలకు ఏం మిగులుతుంది? సరిహద్దు కోటలను, సైన్యాలను దేనితో పోషించాలి? భూమిని సాగుదారుల చేతిలోనే ఉంచి ఖరాజ్ అనే పన్ను విధించాలని ఆయన భావించారు.

ఇమామ్ అబూ యూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లో ఈ చర్చను వివరించారు. అబ్దుర్రహ్మాన్ ఇబ్ను ఔఫ్ (రజి), బిలాల్ (రజి) వంటివారు గట్టిగా ఎదిరించారు. ఉస్మాన్, అలీ, తల్హా (రజి) ఖలీఫాను సమర్థించారు. బిలాల్ పట్టుదల చూసి ఖలీఫా అల్లాహ్‌ను మొరపెట్టుకున్నారే గాని, ఆయన నోరు మూయించలేదు. వాదం రోజుల తరబడి సాగింది. సర్గ్‌లో ఒక్క రాత్రిలో నిర్ణయించిన మనిషే ఇక్కడ ఆగారు. ఎందుకంటే భూమి ఒకసారి పంచితే తిరిగి రాదు. నష్టం భరించవలసినవారు, తమ హక్కు అనుకున్నదాన్ని వదులుకోవలసిన యోధులు. ఇంకా పుట్టనివారి తరఫున మాట్లాడేవారు సభలో లేరు.

ఆయన ఔస్, ఖజ్రజ్ తెగల నుండి ఐదుగురు చొప్పున పదిమంది అన్సార్ పెద్దలను పిలిచి, తానూ వారిలో ఒక్కడినేననీ, తన ఇష్టాన్ని అనుసరించమని అడగడం లేదనీ చెప్పి వాదన వినిపించారు. హష్ర్ సూరాలో ముహాజిర్లు, అన్సార్ల తరువాత వచ్చేవారికీ వాటా చెప్పిన ఆయత్‌లను ఆధారంగా చూపారు. వారు అంగీకరించారు. అప్పుడే నిర్ణయం అమలైంది.

ఆ తరువాతి అడుగు మరీ ముఖ్యం. భూమిని కొలిచి, నేల బలాన్ని బట్టి పన్ను కట్టగలవాడెవరని ఖలీఫా అడిగారు. అనుభవం, వివేకం ఉన్న ఉస్మాన్ ఇబ్ను హునైఫ్ (రజి) పేరు చెప్పారు. కొలత పని సభకు పెట్టలేదు, తెలిసినవాడికే అప్పగించారు. 3 కోట్ల 60 లక్షల జరీబుల నేల లెక్క తేలిందని అబూ యూసుఫ్ రాశారు. అయినా అప్పగించి మరచిపోలేదు. మరణానికి కొద్దిరోజుల ముందు కూడా ఉమర్ (రజి), నేల మోయలేని భారం వేశారేమోనని ఇబ్ను హునైఫ్‌ను, హుజైఫా (రజి)ను ప్రశ్నించిన సంగతి బుఖారీలో ఉంది.

సోదరులారా! మేము ఇమాముగా ఉన్న ఒక ఊరిలో, పాత మసీదు స్తంభాలు పై అంతస్తును మోస్తాయా లేదా అన్నది జమాఅత్‌లో చేతులెత్తించి తేల్చారు. ఇనుము కొన్నాక ఇంజనీరు వచ్చి మోయవన్నారు. చందాల సొమ్ము వృథా అయింది. ఆ సభలో మేమూ ఉన్నాము, మేమూ చెయ్యెత్తాము. ఇబ్ను హునైఫ్ పనిని సభతో చేయించడమే మా తప్పు. అదే ఊరిలో ఈద్గాహ్ స్థలం మార్పును మాత్రం ఇద్దరు ముగ్గురు పెద్దలు ఇంట్లో కూర్చొని తేల్చి, తరువాత సలహా అడిగారు. సవాద్ వంటి విషయాన్ని సర్గ్‌లా కూడా కాక, అడగకుండానే ముగించారు. ఆ పండుగకు జమాఅత్ రెండుగా చీలింది.

కాబట్టి ఏ విషయం ముందుకు వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది తెలిసినవారు తేల్చేదా? తప్పయితే తిరిగి సరిదిద్దగలమా? భారం మోసేవారు ఒప్పుకోకపోతే ఇది నిలుస్తుందా? మొదటిదానికి అవునంటే నిపుణుడిని వెదకాలి. రెండవదానికి అవునంటే బాధ్యుడు సలహా విని నిర్ణయించవచ్చు. రోజువారీ చిన్న పనులకు ఆ సలహా కూడా అక్కరలేదు. తిరిగిరానిది, అందరూ మోయవలసినది అయితే రోజులు పట్టినా ఆగాలి.

అల్లాహ్ మన సంప్రదింపులలో చిత్తశుద్ధిని, నిర్ణయాలలో న్యాయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.