చెరువు లెక్క

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర గురించి ఏదైనా వ్రాసి ఇవ్వమని సంఘం వారు అడిగారు. నాకు కొంత తెలిసిన విషయం చెరువులే కనుక వాటి మీదనే వ్రాస్తున్నాను. మన సభ్యులలో చాలామంది లింగంపల్లి చుట్టుపక్కల ఇళ్ళు కట్టుకొని స్థిరపడినవారు. గోపీ చెరువు, నల్లగండ్ల చెరువు, గంగారం చెరువు, రామచంద్రాపురం రాయసముద్రం అనే పేర్లు రోజూ వింటూనే ఉంటారు. ఇవి తవ్విన గుంటలు కావు. నేల వాలుకు అడ్డంగా మట్టికట్ట వేసి ఆపిన వాన నీళ్ళు.

మన దగ్గర నేల అడుగున గ్రానైటు రాయి, పైన పలుచగా ఎర్ర చెలక. ఎత్తు ప్రదేశం కావటం వలన ఎక్కడి నుంచో పారి వచ్చే నది లేదు. పటాన్‌చెరు వైపు వాలిన నీరు నక్కవాగు గుండా మంజీరకు పోతుంది, నగరం వైపు వాలినది మూసీలో కలుస్తుంది. ఏడాదికి 800 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వాన. అందులో ముప్పాతిక వంతు నాలుగు నెలల్లో, అదీ కొద్దిరోజుల్లోనే గుమ్మరిస్తుంది. ఏడాది పొడుగునా ఎండకు ఆవిరయ్యే నీరు ఆ వానకు రెట్టింపు. ఇటువంటి చోట వరి పండించాలంటే చాలా పొలం మీద పడిన వానను కొద్ది పొలానికి మళ్ళించటం ఒక్కటే దారి.

ఎంత పొలం వాన ఎంత పొలానికి వస్తుంది? ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. చెరువు పైన ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాల నేల ఉందనుకోండి. పడిన వానలో పదోవంతు పారి చెరువు చేరుతుందనుకుంటే సుమారు 2 లక్షల ఘనపు మీటర్ల నీరు. ఆవిరికి, ఇంకుడుకు పోగా లక్షా ఇరవై వేలు మిగలవచ్చు. ఎకరం వరికి నాలుగు వేలు చొప్పున ముప్పై ఎకరాలు పారుతుంది. 640 ఎకరాల వాన ముప్పై ఎకరాల వరికి! ఇంకిన నీరు మాత్రం వృథా కాదు, కట్ట కింది బావుల్లో తేలుతుంది.

ఈ లెక్క మన పెద్దలకు బాగా తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలతో పాటు చెరువుకు ఉండే ఆరు దోషాలను కూడా ఆ శాసనం చెబుతుంది. నీరు కొద్దిగా ఉండి భూమి ఎక్కువ కావటం ఒక దోషం, నీరు ఎక్కువై భూమి చాలకపోవటం ఇంకొకటి. కట్ట ఊరటం మరొకటి. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం కూడా దోషమే. ఆ మాట చదివినప్పుడల్లా వ్రాయించినవాడికి రాజకీయం కూడా తెలుసు అనిపిస్తుంది.

చెరువుకు కట్ట, తూము, అలుగు మూడూ ముఖ్యమే గాని ప్రాణం అలుగులో ఉంది. తెలంగాణలో మత్తడి అంటాం. నిండిన తరువాత వచ్చిన నీరు మత్తడి దూకి కాలువ వెంట కింది చెరువుకు పోవాలి. అది నిండితే ఆ కిందిదానికి. దీన్నే గొలుసుకట్టు అంటారు. తూము తెరవటం, మూయటం, ఏ మడికి ఎప్పుడు నీళ్ళో చూడటం నీరటికాడి పని. వానాకాలపు పంట ఆబి, చెరువులో నీరు మిగిలితే వేసవికి ముందు తాబి. మన రెవిన్యూ మిత్రులకు ఈ మాటలు కొత్తవి కావు.

తగాదాలన్నీ మత్తడి దగ్గరే. ఆయకట్టు రైతుకు ఒక జానెడు నీరు ఎక్కువ నిలవాలి, అందుకని మత్తడి మీద మట్టి బస్తాలు పేరుస్తాడు. శిఖంలో సాగు చేసేవాడికి నీరు త్వరగా దిగాలి, వాడు మత్తడికి గండి పెడతాడు. ఇద్దరిలో మొదటివాడే ప్రమాదకరం. మత్తడి ఎత్తు పెరిగితే పెద్ద వానకు నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. మట్టికట్ట మీద నీరు పొర్లితే కొద్ది గంటల్లో కోసుకుపోతుంది. కట్ట కింద ఊట కనిపించినంత మాత్రాన భయం లేదు. అది తేటగా ఉందా, మట్టి రంగులో ఉందా చూడాలి. మట్టి రంగు వచ్చిందంటే లోపల కట్ట కరిగిపోతున్నదన్నమాట. తూము పక్కన, చెట్ల వేళ్ళ వెంట ఇది తరచు మొదలవుతుంది.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద గురించి అందరూ విన్నదే. దాని వెనుక చెరువుల కథ ఉంది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలిపించిన విశ్వేశ్వరయ్య గారు లెక్క తీస్తే, నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయి, దాదాపు చదరపు మైలుకు ఒకటి. వాటిలో 221 తెగిపోయాయి. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన నమోదయింది.

ఇందాకటి మన చదరపు మైలు మీద ఆ వాన వేసి చూడండి. సగం నీరు పారినా 4 లక్షల ఘనపు మీటర్లు దాటుతుంది. ఏడాదికి రావలసిన దానికి రెట్టింపు, ఒక్క రోజులో. ఏ మత్తడీ ఆగదు. పై చెరువు తెగితే దాని నిల్వంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది, వానకు తట్టుకున్న కట్ట కూడా ఆ దెబ్బకు తెగుతుంది. గొలుసు మంచి రోజుల్లో నీటిని అందించినట్టే చెడ్డ రోజున తెగటాన్ని కూడా అందిస్తుంది. విశ్వేశ్వరయ్య గారి సలహా మీదనే తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి.

ఇప్పుడు మన కాలనీల సంగతి. ఆయకట్టు పోయింది, వరి పోయింది, నీరటికాడు పోయాడు. కట్ట మాత్రం ఉంది, పైన నేల కూడా ఉంది, కాని అది చెలక కాదు, సిమెంటు. ఒక సాయంత్రం 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ చదరపు మైలు నుంచి అయిదింట నాలుగు వంతులు పారుతుంది, అంటే లక్ష ఘనపు మీటర్లు. పూర్వం ఏడాదికి వచ్చే నీటిలో సగం ఇప్పుడు ఒక పూటలో వస్తుంది. మత్తడి కాలువ మీద ఇళ్ళు లేచాయి కనుక అది వీధుల్లో దారి వెతుక్కుంటుంది. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది గుర్తుండే ఉంటుంది.

తీరం కాపాడటానికి నియమాలున్నాయి. 2012 నాటి ఉత్తర్వు ప్రకారం పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువులకు నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు వదలాలి. 2024లో హైడ్రా ఏర్పడిన తరువాత ఈ హద్దుల మాట పత్రికల్లో రోజూ కనబడింది. నా మట్టుకు ఆక్రమణలతో పాటు చూడవలసిన సంగతి ఇంకొకటి ఉంది. పూర్వం మే నెలకు చెరువు అడుగంటేది, రైతులు పూడిక మట్టి బండ్లకెత్తి పొలాలకు తోలేవారు, తొలకరికి చెరువులో చోటు సిద్ధంగా ఉండేది. ఇప్పుడు మురుగునీరు ఏడాది పొడుగునా వచ్చి పడుతుంది, తూము మూసుకుపోయింది. వేసవిలో మీ ఇంటి దగ్గరి చెరువు గుర్రపుడెక్కతో నిండుగా కళకళలాడుతుంటే నీటి అంచు మత్తడికి ఎంత దిగువన ఉందో ఒకసారి నడిచి వెళ్ళి చూడండి. జూన్ వానకు అందులో మిగిలిన చోటు అంతే.